అల పొడవు 17 రెట్లు కుదించుకుపోతే సునామీ ఎత్తు 4 రెట్లే ఎందుకు పెరుగుతుంది?

చందు_విశాఖ · ఉదయం 7:42

ఇంటర్ పిల్లలకు సునామీ పాఠం చెప్పేటప్పుడు ఎదురైన చిక్కు ఇది. వేగం సూత్రం అందరికీ తెలిసిందే, c = √(gh). బంగాళాఖాతం నడిమధ్యన 3000 మీటర్ల లోతు వేసుకుంటే సెకనుకు 171.6 మీటర్లు, అంటే గంటకు 618 కిలోమీటర్లు. ఒడ్డు దగ్గర 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి సెకనుకు 9.9 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. ఇంతవరకు పేచీ లేదు.

ఎత్తు ఎందుకు పెరుగుతుందంటే ఎక్కడ చూసినా ఒకటే జవాబు. అల ముందు భాగం నెమ్మదిస్తుంది, వెనక భాగం ఇంకా జోరుగానే వస్తుంటుంది, దాంతో నీళ్ళు పోగుపడి పైకి లేస్తాయి. టోల్‌గేటు దగ్గర లారీల వరసలాగా. సరే అనుకుందాం. అప్పుడు అల పొడవు 171.6 / 9.9, అంటే 17.3 రెట్లు తగ్గాలి. అన్ని నీళ్ళూ అంత కురచ జాగాలో సర్దుకోవాలంటే ఎత్తు కూడా 17.3 రెట్లు పెరగాలి కదా? 2004 డిసెంబరు 26న భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ చూసిన అల సుమారు 60 సెంటీమీటర్లు. దాన్ని 17.3తో గుణిస్తే 10 మీటర్లు దాటుతుంది.

గ్రీన్ సూత్రం మాత్రం లోతుల నిష్పత్తికి నాలుగో మూలం తీయమంటుంది. 3000/10 = 300, దాని నాలుగో మూలం 4.16. అంటే 2.5 మీటర్లే. ఈ రెంటిలో ఏది తప్పు? గ్రీన్‌దే ఒప్పయితే మిగతా నీళ్ళెటు పోయాయి?

---

కాల్వగట్టు · ఉదయం 8:15

దీనికి అంత ఆలోచన దేనికండీ, అడుగు రాపిడి. లోతు తగ్గేకొద్దీ నేల పట్టుకుని లాగుతుంది, శక్తి కొంత అక్కడే పోతుంది. అందుకే 17కి బదులు 4.

మా కాలవల్లో చూసేదే ఇది. హెడ్ రెగ్యులేటర్ షట్టర్ ఒక్కసారిగా దించేస్తే నీళ్ళు గట్టుకు ఎగదన్ని, ఆ ఎత్తు వెనక్కి పరిగెడుతుంది. 4 మీటర్ల నీళ్ళుంటే √(9.81×4), అంటే సెకనుకు 6.3 మీటర్లు, అందులోంచి ఎదురొచ్చే ప్రవాహ వేగం తీసేయాలి. లోతు తక్కువున్న బ్రాంచి కాలవలో అదే అల నిదానంగా పోతుంది. సూత్రం ఒకటే.

---

తరంగిణి · ఉదయం 9:03

కాల్వగట్టు గారూ, షట్టరు ఉదాహరణ అక్షరాలా సరైనది. రాపిడి మాత్రం కాదు. √(gh)లో రాపిడి గుణకం ఎక్కడా లేదు చూడండి. అడుగు గాజులా నున్నగా ఉన్నా ఈ అల ఇంతే నెమ్మదిస్తుంది. రాపిడి లెక్కలోకి వచ్చేది బాగా లోతు తగ్గాక, నీళ్ళు నేలెక్కాక.

నెమ్మదించడానికి కారణం దారి ఇరుకు. అల ముందుకు కదలడమంటే ఎదర ఉన్న చోట నీటిమట్టం లేవాలి, అందుకు వెనకనుంచి నీళ్ళు అక్కడికి చేరాలి. 3000 మీటర్ల లోతులో పైనుంచి అడుగుదాకా మొత్తం నీరు కలిసి కదులుతుంది. 60 సెంటీమీటర్ల అలకు ఆ నీరు కదిలే వేగం సెకనుకు 3.4 సెంటీమీటర్లు, చీమ నడక. అయినా 3000 మీటర్ల నిలువు దారి ఉంది కాబట్టి, ప్రతి మీటరు వెడల్పు గుండా సెకనుకు 103 ఘనపు మీటర్ల నీళ్ళు దాటిపోతాయి. అందుకే ఎదర మట్టం ఇట్టే లేస్తుంది. 10 మీటర్ల లోతులో నీళ్ళు సెకనుకు రెండున్నర మీటర్లు పరిగెత్తినా దాటేది 25 ఘనపు మీటర్లే. ఎదర చోటు నిండటానికి ఆలస్యమవుతుంది, అల నెమ్మదిస్తుంది.

ఇక చందు గారి ప్రశ్న. లారీల పోలికలో అల పొడవు 17 రెట్లు తగ్గుతుందన్న భాగం నిజం. అల తిరిగొచ్చే సమయం మారదు. 30 నిమిషాల అల నడిసముద్రంలో 309 కిలోమీటర్ల పొడవుంటే 10 మీటర్ల లోతులో 18 కిలోమీటర్లకు వస్తుంది. పోలిక దారి తప్పేది ఆ తర్వాత, లోపలున్న నీళ్ళన్నీ ఒడ్డుదాకా వస్తాయని అనుకున్నచోట. ఒడ్డుదాకా దాదాపు చెక్కుచెదరకుండా వచ్చేది శక్తి. శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. పొడవు 17.3 రెట్లు తగ్గి మొత్తం శక్తి అంతే ఉండాలంటే ఎత్తు వర్గం 17.3 రెట్లు పెరగాలి. ఎత్తు పెరిగేది √17.3, అంటే 4.16. గ్రీన్ సూత్రం ఇంతే.

---

చందు_విశాఖ · ఉదయం 9:20

శక్తి లెక్క ఒప్పుకున్నా. కానీ తరంగిణి గారూ, నీళ్ళు కూడా మాయం కావు కదా! ఎత్తు 4.16 రెట్లు, పొడవు 17.3వ వంతు. గుణిస్తే అల కింద ఉన్న నీళ్ళు మొదట ఉన్నదాంట్లో 24 శాతమే. ముప్పావు వంతు నీళ్ళు ఎటు వెళ్ళాయి? పిల్లవాడు అడిగింది సరిగ్గా ఇదే. నేను "రేపు చెబుతా" అని తప్పించుకున్నా.

---

సూర్యలంక_రాజు · ఉదయం 9:48

అందరికీ నమస్కారం. ఇంతకీ 2.5 మీటర్లేనంటారు? మాకు బాపట్ల వైపు తీరానికి కిలోమీటరున్నర లోపల రొయ్యల చెరువులున్నాయి. గట్టు 3 మీటర్లు వేశాం. అయితే భయం లేనట్టేనా? 77లో దివిసీమ ఉప్పెన కూడా ఇదే లెక్కా? అప్పుడు అంతకంటే చాలా ఎక్కువ ఎత్తు వచ్చిందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

---

తరంగిణి · ఉదయం 10:31

రాజు గారూ, గట్టు సంగతి కింద విడిగా రాస్తా. ఈ 2.5 చూసి మాత్రం ధైర్యపడకండి.

చందు గారూ, మీవాడి ప్రశ్న మంచిది. చాలా పుస్తకాలు దీన్ని దాటేసి వెళ్ళిపోతాయి. ఆ ముప్పావు వంతు నీళ్ళు వెనక్కి, నడిసముద్రం వైపు తిరిగిపోతాయి. లోతు మారే ప్రతిచోటా అలలో చిన్న ముక్క వెనక్కి తిరుగుతుంది.

"శక్తి మొత్తం ముందుకే పోయిందన్నారు, మరి నీళ్ళు వెనక్కెలా?" అని మీరు అడగకముందే చెబుతా. నీళ్ళు ఎత్తు × పొడవు. శక్తి ఎత్తు × ఎత్తు × పొడవు. 1 మీటరు ఎత్తు, 100 కిలోమీటర్ల పొడవున్న అలను 1 సెంటీమీటరు ఎత్తుకు తొక్కి 10,000 కిలోమీటర్లు పరచండి. నీళ్ళు అంతే ఉంటాయి, శక్తి నూరో వంతుకు పడిపోతుంది. ఏటవాలు నిదానంగా ఉంటే వెనక్కి తిరిగే అల సరిగ్గా ఇలాగే ఉంటుంది, బాగా పొడవుగా, బాగా పలచగా. నీళ్ళు చాలావరకు దాంతో పోతాయి, శక్తి లెక్కలోకి రానంత.

నమ్మకం కుదరకపోతే ఏటవాలు బదులు ఒకే ఒక మెట్టు పెట్టి చూడండి. 3000 మీటర్ల లోతు ఒక్కసారిగా 100 మీటర్లు అయిందనుకోండి. మెట్టుకు అటూ ఇటూ నీటిమట్టం ఒకటే ఉండాలి, అటునుంచి వచ్చే నీరూ ఇటు పోయే నీరూ సమానం కావాలి. ఈ రెండు షరతులతోనే ముందుకు పోయే అల 2c₁/(c₁+c₂) రెట్లు, వెనక్కి తిరిగేది (c₁−c₂)/(c₁+c₂) రెట్లు అని తేలుతుంది. c₁ 171.6, c₂ 31.3. ముందుకు 1.69, వెనక్కి 0.69.

సరిచూద్దాం. మెట్టు మీద అల పొడవు 31.3/171.6, అంటే 0.182 వంతుకు కుదించుకుపోతుంది. నీళ్ళు: ముందుకు 1.69 × 0.182 = 0.31, వెనక్కి 0.69. కలిపితే 1. శక్తి: ముందుకు 1.69² × 0.182 = 0.52, వెనక్కి 0.69² = 0.48. అదీ 1. రెండు జమాఖర్చులూ సరిపోయాయి.

ఇదే 100 మీటర్లకు గ్రీన్ సూత్రం చెప్పే జవాబు 2.34. మెట్టు ఇచ్చింది 1.69. నిటారు మెట్టు సగం శక్తిని వెనక్కి తన్నేస్తుంది, నిదానపు ఏటవాలు తన్నదు. తేడా అంతా అందులోనే ఉంది.

---

లెక్కలమాస్టారు · ఉదయం 11:10

అయితే ఏటవాలు అంటే చిన్న చిన్న మెట్ల వరస అనుకోవచ్చన్నమాట. వేసి చూశా. 3000 నుంచి 10 మీటర్లకు N మెట్లు, ప్రతి మెట్టు దగ్గరా తరంగిణి గారి 2c₁/(c₁+c₂)తో గుణించుకుంటూ పోవడమే.

```python
from math import sqrt
h1, h2 = 3000, 10
for N in (1, 2, 10, 100):
    H = 1.0
    for i in range(N):
        a = sqrt(h1 * (h2/h1)**(i/N))
        b = sqrt(h1 * (h2/h1)**((i+1)/N))
        H *= 2*a/(a+b)
    print(N, round(H, 2))
```

వచ్చినవి:

```
1 1.89
2 2.6
10 3.76
100 4.12
```

మెట్లు పెంచేకొద్దీ 4.16 వైపు పోతోంది. గ్రీన్ సూత్రం దానంతటదే బయటపడింది, శక్తి ఊసు ఎత్తకుండానే. దీంతో చర్చ ముగిసినట్టే అనుకుంటా.

---

తరంగిణి · ఉదయం 11:52

ముగియలేదు మాస్టారూ. కోడ్ బావుంది, కానీ అందులో ఒక దొంగలెక్క దాగుంది. మెట్టు మెట్టుకూ వెనక్కి తిరిగిన ముక్కను మీరు గాలికొదిలేశారు. అది వెనకున్న మెట్టును తాకి మళ్ళీ ముందుకు తిరుగుతుంది, ఇలా లోపల లోపలే కొట్టుకుంటుంది. ఆ ముక్కలన్నీ కలిస్తే ఏమవుతుందన్నది అల పొడవును బట్టి ఉంటుంది.

ఏటవాలు అల కంటే చాలా పొడవుగా ఉంటే ఆ ముక్కలు ఒక్కోటి ఒక్కో సమయానికి చేరి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అప్పుడు మీ 4.16 నిజం. ఏటవాలు అల కంటే బాగా కురచైతే అన్నీ దాదాపు ఒకేసారి వస్తాయి, కలిసిపోతాయి, జవాబు మళ్ళీ మీ మొదటి వరసకే, 1.89కే దిగుతుంది. మధ్యలో ఎన్ని మెట్లు పెట్టినా అంతే. 300 కిలోమీటర్ల అలకు 30 కిలోమీటర్ల ఏటవాలు కనబడనే కనబడదు, గోడలాగే తోస్తుంది.

గ్రీన్ సూత్రం వాడేటప్పుడు జనం మర్చిపోయే షరతు ఇదే. లోతు నిదానంగా మారాలి. నిదానం అంటే కిలోమీటర్లలో కొలిచేది కాదు, ఆ చోట అల పొడవుతో పోల్చి చూసేది.

---

చందు_విశాఖ · మధ్యాహ్నం 12:25

అమ్మో. అయితే మా విశాఖ దగ్గర ఏది వాడాలి? ఇక్కడ తీరాన్ని ఆనుకుని తక్కువ లోతుండే షెల్ఫ్ 40 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, అంచు దాటగానే కొన్ని పదుల కిలోమీటర్లలోనే 2000 మీటర్లకు దిగిపోతుంది.

---

తరంగిణి · మధ్యాహ్నం 1:14

నేనైతే రెండు ముక్కలుగా తీసుకుంటా. 3000 నుంచి 100 మీటర్ల దాకా ఉన్న నిటారు వాలును మెట్టు అనుకుని 1.69. అక్కణ్ణుంచి షెల్ఫ్ మీద 100 నుంచి 10 మీటర్లకు గ్రీన్, 10 నాలుగో మూలం 1.78. గుణిస్తే 3.0. మీ 60 సెంటీమీటర్ల అల 2.5 మీటర్లు కాకుండా 1.8 మీటర్లు అవుతుంది.

రెండో ముక్కలో కూడా నాకు అనుమానముంది. 100 మీటర్ల లోతులో 30 నిమిషాల అల పొడవు 56 కిలోమీటర్లు, షెల్ఫేమో 40. గ్రీన్ షరతు అంచున వేలాడుతోంది. కాబట్టి 1.8 అనేది చేతిలెక్కే, దాన్ని పట్టుకుని వేలాడకండి.

ఇంకొకటి. ఒడ్డును తాకి తిరిగిన అల బయటికి పోతూ షెల్ఫ్ అంచును చేరుతుంది. అక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుంది కదా, మళ్ళీ 69 శాతం ఎత్తుతో తలకిందులై లోపలికే తిరుగుతుంది. అంటే షెల్ఫ్ ఒక తొట్టెలా అలను పట్టి ఉంచుతుంది. సునామీ గంటల తరబడి తగ్గకపోవడానికీ, చాలాచోట్ల మొదటి అల కంటే తర్వాతి అల పెద్దదిగా ఉండటానికీ ఒక ముఖ్య కారణం ఇదే.

రాజు గారూ, ఇప్పుడు మీ గట్టు. ఈ లెక్కలన్నీ 10 మీటర్ల లోతు దగ్గర ఆగిపోతాయి, మీ చెరువులు దానికి చాలా ఇవతల ఉన్నాయి. లోతు సున్నా పెడితే గ్రీన్ సూత్రం అనంతం అంటుంది, అంటే అక్కడ అది చెల్లదు. అల ఎత్తు లోతుతో పోల్చదగ్గంత అయ్యాక శిఖరం కింద నీళ్ళు ఎక్కువ కాబట్టి శిఖరం పాదం కంటే జోరుగా పోతుంది, ముఖం నిటారవుతుంది, నురగ గోడలా మారుతుంది.

ఇంకా పెద్ద సంగతి ఎంతసేపన్నది. మామూలు 10 సెకన్ల కెరటం 2 మీటర్లు లేచినా మరుక్షణం వెనక్కి పోతుంది. 30 నిమిషాల సునామీలో మట్టం పావుగంటసేపు పైనే ఉండి నీళ్ళు లోపలికి నడుస్తూనే ఉంటాయి. సెకనుకు 4 మీటర్ల జోరున్న నీరు గట్టుకు కొట్టుకుంటే ఆ జోరొక్కటే 80 సెంటీమీటర్లు పైకి ఎక్కిస్తుంది. పోటు సమయమైతే అదీ కలుస్తుంది. మట్టి గట్టు మీదుగా ఒక్కసారి పొర్లిందంటే వెనక వైపు కోసుకుపోతుంది, ఆ తర్వాత గట్టు ఎత్తు ఎంతన్న ప్రశ్నే ఉండదు.

ఉప్పెన వేరు. అది గాలి తోసిన నీరు. గాలి తోపు అంతే ఉన్నా లోతు సగమైతే నీటిమట్టం వాలు రెట్టింపవుతుంది. అందుకే వెడల్పైన, తక్కువ లోతు షెల్ఫ్ దగ్గర ఉప్పెన విజృంభిస్తుంది. నాలుగో మూలానికీ దానికీ సంబంధం లేదు.

---

నిర్వాహకుడు · మధ్యాహ్నం 1:40

ఉప్పెన గురించి ఇంకా ఉంటే విడిగా మొదలుపెట్టండి. ఇక్కడ సునామీ వరకే.

---

కాల్వగట్టు · మధ్యాహ్నం 2:22

రాపిడి మాట వెనక్కి తీసుకుంటున్నా, కానీ పూర్తిగా కాదు. నేలెక్కాక మడ అడవి, సరుగుడు తోపు ఆపుతాయి కదా.

సమయం లెక్క ఒకటి వేశా, చూడండి. అండమాన్ వైపు నుంచి మన తీరానికి 1240 కిలోమీటర్లు అనుకున్నా. అందులో 1200 కిలోమీటర్లు 2800 మీటర్ల లోతు, చివరి 40 కిలోమీటర్లు 60 మీటర్లు. సగటు లోతు 2712, వేగం 163, మొత్తం 127 నిమిషాలు. ఆ రోజు భూకంపం ఉదయం 6:29కి. అంటే 8:36కే రావాలి. వచ్చిందేమో తొమ్మిది దాటాక. ఆ అరగంట రాపిడి వల్లే కాదంటారా?

---

లెక్కలమాస్టారు · మధ్యాహ్నం 2:51

లోతులకు సగటు తీయకూడదండీ, సమయాలను కూడాలి. 1200 కిలోమీటర్లు సెకనుకు 165.7 మీటర్ల చొప్పున 121 నిమిషాలు. చివరి 40 కిలోమీటర్లు 24.3 చొప్పున 27 నిమిషాలు. మొత్తం 148. సగటు లోతు తీసినప్పుడు ఆ చివరి 40 కిలోమీటర్లను కూడా 163 వేగంతో దాటించేశారు, 4 నిమిషాల్లో! 8:57 వస్తుంది. బస్సు హైవే మీద రెండు గంటల్లో వచ్చి ఊళ్ళో అరగంట ఇరుక్కున్నట్టు.

---

తరంగిణి · మధ్యాహ్నం 3:30

మాస్టారి పద్ధతి సరైనది. మిగిలిన కొద్ది నిమిషాలకు కూడా రాపిడి అక్కర్లేదు. ఆ రోజు పగులు 1200 కిలోమీటర్లకు పైగా సాగింది, సుమత్రా దగ్గర మొదలై అండమాన్ చేరడానికే కొన్ని నిమిషాలు పట్టింది. 6:29 అనేది దక్షిణ కొస గడియారం, ఉత్తర కొస ఆలస్యంగా కదిలింది. విశాఖ భూకంప కేంద్రానికి చెన్నై కంటే దూరమైనా రెండుచోట్లా అల ఇంచుమించు ఒకే సమయానికి చేరడానికి కారణం కూడా ఆ పొడవే.

చెట్ల మాట నిజమే, నేల మీద రాపిడి పనిచేస్తుంది. ఎంత ఆపుతాయన్నది చెట్ల ఒత్తును బట్టి, నీటి ఎత్తును బట్టి. దానికి ఒకే సంఖ్య చెప్పడం నాకు ఇష్టం లేదు.

---

చందు_విశాఖ · సాయంత్రం 4:05

రేపు పిల్లలకు మెట్టు లెక్కే చెబుతా, నీళ్ళూ శక్తీ రెండూ 1 అవ్వడం బోర్డు మీద చూపించవచ్చు. ఒక్క అనుమానం. 1.8 నా, 2.5 నా తేల్చాలంటే అసలు లోతులు ఎక్కడ దొరుకుతాయి? సునామీ హెచ్చరికలిచ్చే హైదరాబాద్ ఇన్‌కాయిస్ వాళ్ళు ఎలా చేస్తారు?

---

తరంగిణి · సాయంత్రం 5:18

వాళ్ళు చేతి సూత్రం మీద ఆధారపడరు. రకరకాల భూకంపాలకు అల ఎలా పోతుందో ముందే కంప్యూటర్లో నడిపి దాచి ఉంచుతారు. భూకంపం వచ్చాక దగ్గరగా ఉన్నదాన్ని తీస్తారు. మెట్టా ఏటవాలా అన్న గొడవ ఆ గణనలో దానంతటదే తేలిపోతుంది, ఎందుకంటే అది వెనక్కి తిరిగే అలను కూడా లెక్కిస్తుంది.

మీరు ఇంట్లో చేయాలంటే జెబ్కో లోతుల గ్రిడ్ ఉచితంగా దొరుకుతుంది, 15 ఆర్క్ సెకన్లది, అంటే మన దగ్గర దాదాపు అరకిలోమీటరుకో సంఖ్య. నడిసముద్రానికీ షెల్ఫ్ అంచుకూ చక్కగా సరిపోతుంది. ఒడ్డు పక్కన, 20 మీటర్ల లోపు లోతులకు దాన్ని నమ్మకండి. అక్కడ చాలా సంఖ్యలు కొలిచినవి కావు, అటూ ఇటూ చూసి పూరించినవి. ఆ భాగానికి డెహ్రాడూన్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు చార్టు తీసుకుని లోతులు చేత్తో ఎక్కించుకోవాలి. చార్టులో లోతులు బాగా తగ్గిన పాటు మట్టం నుంచి కొలిచినవి, జెబ్కోవి సగటు మట్టం నుంచి. రెంటినీ అలాగే అతికిస్తే కలిసినచోట లేని మెట్టు ఒకటి పుడుతుంది.

---

లెక్కలమాస్టారు · సాయంత్రం 5:40

వెనక్కి తిరిగే ముక్కల్ని కూడా కలిపి కోడ్ మళ్ళీ రాస్తున్నా. 30 నిమిషాలు, 10 నిమిషాలు రెండు అలలకూ నడుపుతా. చందు గారూ, షెల్ఫ్ అంచు దగ్గరి లోతులు ఒక పది ఇవ్వగలరా?